చిటికెన వేలి తిమ్మిరికి మూలం మోచేతిలో

పడుకుని చాలాసేపు ఫోన్ చూశాక చిటికెన వేలు, పక్కనే ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. చేయి చాపి విదిలిస్తే తగ్గుతుంది. తెల్లవారుజామున మళ్లీ అదే తిమ్మిరితో మెలకువ వస్తుంది. రక్తం సరిగా ఆడడం లేదని చాలామంది వేళ్లు నలుపుకుంటారు. కానీ ఇబ్బంది సాధారణంగా మోచేతి దగ్గర ఉంటుంది.

మోచేతి లోపలివైపు పొడుచుకొచ్చిన ఎముక వెనక తడిమి చూడండి, ఒక గాడి తగులుతుంది. గుమ్మానికి కొట్టుకుంటే చిటికెన వేలిదాకా జివ్వుమనేది అక్కడే. ఆ గాడిలోంచే అల్నార్ నరం వెళ్తుంది. దానిమీద కండ కూడా పెద్దగా ఉండదు. చేయి మడిచినప్పుడు నరం ఎముక చుట్టూ సాగుతుంది, అది వెళ్లే దారి ఇరుకవుతుంది, నరానికి రక్తం అందడం తగ్గుతుంది.

కుడిచేత్తో ఫోన్ చెవికి ఆనించి గంట మాట్లాడి, ఆఫీసులో అదే మోచేయి బల్లకు ఆనించి, రాత్రి అదే చేయి తలకింద పెట్టుకుని పడుకునే మనిషిని తీసుకోండి. పగలు తిమ్మిరెక్కితే వెంటనే చేయి చాపుతాడు. నిద్రలో మాత్రం గంటల తరబడి మడిచే ఉంచుతాడు. అందుకే ఫోన్ కంటే ముందు సరిచేయాల్సింది నిద్ర అని నేనంటాను.

మోచేతికి మెత్తని టవల్ వదులుగా చుట్టి, జారకుండా టేపు వేసి పడుకుంటే చేయి పూర్తిగా మడవడం కుదరదు. బిగించి కట్టకూడదు. కొన్ని వారాలు ఓపిగ్గా చేయాలి. పగలు ఇయర్‌ఫోన్స్‌తో మాట్లాడడం, ఫోన్‌ను స్టాండ్‌కు పెట్టి చూడడం, మోచేయి గట్టి అంచులకు ఆనించకపోవడం చాలు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. మణికట్టు నిటారుగా ఉంచి, మోచేయి పూర్తిగా మడిచి ఒక నిమిషం ఆగండి. ఆ రెండు వేళ్లలో తిమ్మిరి మొదలైతే ఈ నరాన్నే అనుమానించాలి. ఉంగరపు వేలిలో చిటికెన వైపు సగమే మొద్దుబారితే అనుమానం ఇంకా బలపడుతుంది. తిమ్మిరి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలిలో ఉంటే అది ఎక్కువగా మణికట్టు దగ్గర నొక్కుకునే వేరే నరానిది.

తిమ్మిరి వచ్చిపోకుండా నిలిచిపోయినా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చేతి వెనకవైపు కండ గుంటపడినా టవల్‌తో సరిపెట్టుకోకండి. దెబ్బతిన్న నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. కరిగిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మెడలో నరం నొక్కుకున్నా, షుగర్ ఉన్నా ఇలాంటి తిమ్మిరే రావచ్చు. ఒంటిమీద స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష తప్పనిసరి, ఆ జబ్బు తరచుగా ఈ నరాన్నే వాచేలా చేస్తుంది. పట్టు తగ్గిందనిపిస్తే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకో, ఎముకల డాక్టరుకో చూపించండి.