తలుపుమీది కాగితమును, "బడు" అను క్రియయు

గత శ్రావణమాసమున మేము జోగిపేటలో బంధువుల యింటికి పోయియుండగా, ఆ వీధిలోనేయున్న యొక స్త్రీల పొదుపుసంఘపు గది తలుపుమీద నొక కాగితము అంటించియుండుట చూచితిమి. అందలి మాటలు ఇవి:

"సభ్యురాండ్రకు తెలియజేయడమైనది. అప్పు దరఖాస్తులను శుక్రవారమువరకు స్వీకరింపబడును. పాసుపుస్తకములు పరిశీలింపబడవలెను. మంజూరైన సొమ్ము ఖాతాలలో జమ చేయబడును."

ఆ మెట్లమీద దగ్గరి పల్లెనుండి వచ్చిన యొక యిల్లాలు కూర్చుండియుండెను. ఆమె శుక్రవారమునాడే దరఖాస్తు తెచ్చినది గాని పాసుపుస్తకము తేలేదు. అందుచేత దరఖాస్తును ప్రక్కన బెట్టిరట. గేదెను కొనుటకు బయానా యిచ్చియున్నది. ఇక మరుసటి నెలవరకు ఆగవలె. "పుస్తకాలు వాళ్లే చూసుకుంటరనుకున్ననమ్మా. నేను తేవాలెనని ఎక్కడ రాసిండ్రు?" అని ఆమె మమ్ము అడిగినది. కాగితమును మరల చదివితిమి. నిజమే, ఎక్కడను వ్రాసియుండలేదు.

"పరిశీలింపబడవలెను" అను మాటలో పుస్తకము తెచ్చువారును లేరు, దానిని చూచువారును లేరు. దీనినే వ్యాకరణమున కర్మణిప్రయోగ మందురు. పని చేయువారు వెనుకకు పోయి, పనికి గురియైన వస్తువు ముందునకు వచ్చును. క్రియకు "బడు" చేరును. సంస్కృతమునకును, ఇంగ్లీషునకును ఇది నిత్యపు వాడుక. నిజాము రాజ్యమున కచేరీలలో నడచిన ఉర్దూలో సయితము "ఇత్తిలా దీ జాతీ హై" యని ఇట్టి పోకడయే కలదు. కచేరీ కాగితములు చదివి చదివి, తలుపుమీద నాలుగు మాటలు వ్రాయునపుడు కూడ మనవారికి ఆ పోకడయే గౌరవముగా దోచును. ఇంటిలో మాత్రము "అన్నము వండబడినది, తినబడవలెను" అని ఏ తల్లియు అనదు.

తెలుగునకు దీని యవసరము తక్కువ. కర్తను చెప్పకయే కర్తరివాక్యము నడపగల భాష మనది. "ఇచ్చట రవికలు కుట్టుదురు" అన్నచో ఎవరు కుట్టుదురో చెప్పనక్కరలేదు. "పాలు దొరకును", "ఇల్లు అద్దెకు కలదు", "దుకాణము ఆదివారము మూసియుండును" అనునవన్నియు కర్తపేరు లేకయే చక్కగా నిలుచుచున్నవి. పటాన్‌చెరు దారిలో కర్మాగారముల ద్వారములయొద్ద "పనివారు కావలెను" అని వ్రాసెడి మాటను చూడుడు. రెండే పదములు, కొఱత యేమియు లేదు. దీనిని "పనివారు నియమింపబడుదురు" అని మార్చినచో పొడవు పెరుగును గాని తెలివిడి పెరుగదు.

అట్లని "బడు"ను బొత్తిగా వెలివేయుట మా యభిమతము గాదు. చేసినవా రెవరో తెలియనపుడును, ఎవరైనను చదువువారికి పట్టనపుడును అది సహజముగానే యుండును. "ఈ బావి 1930లో త్రవ్వబడినది" అని రాతిమీద చెక్కినచో తప్పులేదు. చూచువారికి కావలసినది బావియు, సంవత్సరమునే. "సాయంకాలపు బస్సు రద్దు చేయబడినది" అనునదియు అట్టిదే. బస్సు లేదని తెలిసిన చాలును, రద్దు చేసిన యుద్యోగి పేరుతో ప్రయాణికులకు పని లేదు. "ఈ యిల్లు న్యాయస్థానపు టుత్తరువుచే జప్తు చేయబడినది" అనుచోట ఇల్లే ప్రధానము.

పేరు పట్టవలసినచోట మాత్రము ఇది చేటు చేయును. జోగిపేటలోనే 1930లో నిజామురాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. "జరిగినది" అన్నచో హాయిగా నున్నది, "జరుపబడినది" అననక్కరలేదు. దానికి సురవరము ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించిరి. దానితోగూడ జరిగిన మహిళాసభకు నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలు. ఈ వార్తనే "మహిళాసభ కూడ నిర్వహింపబడినది" అని యొక వాక్యమున ముగించిన, వ్యాకరణమున దోషముండదు. సుందరమ్మగారు మాత్రము కనబడకపోదురు.

జోగిపేట కాగితమునకు మరల వత్తము. అందు ఇంకొక దోషమున్నది. "దరఖాస్తులను స్వీకరింపబడును" అనుట పొసగదు. "బడు" చేరినపుడు కర్మపదమే కర్తస్థానమునకు వచ్చును గనుక "ను" ఉండరాదు. "దరఖాస్తులు స్వీకరింపబడును" అనవలె. "ను" నిలుపదలచిన "దరఖాస్తులను స్వీకరింతుము" అనవలె. వ్రాయువారి మనస్సు కర్తరివాక్యముతో మొదలుపెట్టి నడుమ కచేరీభాషకు మరలినదనుటకు ఈ "ను" గుర్తు. ఇట్టిదే మఱియొకటి: "బాలికలు చేర్చుకొనబడును" అని గోడలపై తఱచుగా చూచుచుందుము. మనుష్యులను గూర్చి చెప్పునపుడు "చేర్చుకొనబడుదురు" అనవలె. "బడును" అన్నచో బాలికలును పాలకుండలును ఒకటే యగును. "బాలికలను చేర్చుకొందుము" అన్నచో ఈ చిక్కే లేదు.

సంఘపు కార్యదర్శినితో ఈ సంగతి మాటలాడితిమి. ఆమె చిన్నబుచ్చుకొనక, క్రొత్త కాగితము తెచ్చి మాచేతి కిచ్చినది. వ్రాయుటకు ముందు ఒక్కొక్క వాక్యమునకు "ఇది ఎవరు చేయవలె?" అని యడుగుచు పోతిమి. దరఖాస్తు ఇయ్యవలసినది సభ్యురాలు. పుస్తకము తేవలసినదియు ఆమెయే. దానిని చూడవలసినది కోశాధికారిణి. ఎప్పుడు చూచునని అడుగగా, ఆ సంగతి అంతవరకు ఎవరును నిశ్చయింపలేదని తేలినది! "పరిశీలింపబడవలెను" అను మాటక్రింద దాగియున్నది ఇదియే. అప్పటికప్పుడు శనివార మని నిర్ణయించుకొనిరి. క్రొత్త ప్రకటన ఇట్లయ్యెను:

"అప్పు కావలసిన సభ్యురాండ్రు శుక్రవారము సాయంత్రము 4 గంటలలోగా దరఖాస్తును, పాసుపుస్తకమును తెచ్చి ఇచ్చట ఇయ్యవలెను. పుస్తకము లేని దరఖాస్తును తీసికొనము. కోశాధికారిణి శనివారము పుస్తకములు చూచి, తిరిగి ఇచ్చును. మంజూరైన సొమ్ము సోమవారము మీ ఖాతాలలో జమ చేయబడును."

పాతదానికంటె ఇది పొడవైనదే. ప్రకటన పొట్టిగా నుండవలెనని "బడు"ను వాడుదు మనువారికి ఇది రుచింపదు. కాని పాతదానిలో లేని వేళయు, శనివారమును, పుస్తకము తెమ్మనుటయు ఇందు వచ్చినవి; ఆ పొడవు వానిదే.

కడపటి వాక్యమున "బడు"ను ఉండనిచ్చితిమి. సొమ్ము వేయునది బ్యాంకు. అందలి ఏ గుమాస్తా వేసినను సభ్యురాలికి ఒక్కటే. కార్యదర్శిని దీనిని గూడ ఒప్పుకొనలేదు. "డబ్బులు పడ్డయా అనే అడుగుతరు గాని, జమ చేయబడినయా అని మా ఊర్లె ఎవరడుగుతరమ్మా?" అని నవ్వినది. ఆ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి. "జమ చేయబడును" కొట్టివేసి, "పడును" అని ఆమెయే తన చేతితో దిద్ది, పాత కాగితమును చించి క్రొత్తదానిని అంటించినది.