పాస్‌పోర్టు పోతే ఇంటికి దారి

బ్యాంకాక్‌లోని చతుచక్ సంతలో వరంగల్ ఆయన ఒకరు బేరమాడి చొక్కా కొన్నారనుకుందాం. డబ్బులివ్వబోతే భుజాన బ్యాగు జిప్పు తీసి ఉంది. పర్సు లేదు, పాస్‌పోర్టూ లేదు. ఆ రోజు శనివారం. మంగళవారం రాత్రికి హైదరాబాద్ విమానం.

ఎంబసీకి పరుగెత్తినా ఆ రోజు తలుపులు మూసే ఉంటాయి. ముందు కావలసింది పోలీసు రిపోర్టు. థాయ్‌లాండ్‌లో 1155కు ఫోన్ చేస్తే టూరిస్ట్ పోలీసులు ఇంగ్లిష్‌లో మాట్లాడి దారి చెబుతారు. రిపోర్టు చేతికి రాగానే పేరు, పాస్‌పోర్టు నంబరు, పోయిన తేదీ, చోటు అక్కడే సరిచూసుకోవాలి. మన ఇంటిపేర్లు రాయడంలో ఒక అక్షరం పోవడం ఎంతసేపు! అందుకే పాస్‌పోర్టు ఫోటో ఫోన్‌లోనే కాక, మెయిల్‌లోనూ ఉండాలి. పోయిన బ్యాగులోనే ఫోన్ కూడా ఉండొచ్చు కదా.

సోమవారం ఎంబసీలో దరఖాస్తు, ఫోటోలు, పోలీసు రిపోర్టు ఇవ్వాలి. పాస్‌పోర్టు ఎప్పుడు, ఎక్కడ, ఎలా పోయిందో, ఇంతకుముందు కూడా పోయిందా అన్నది అఫిడవిట్‌లో ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి. పోలీసులకు 'దొంగిలించారు' అని చెప్పి, ఇక్కడ 'ఎక్కడో పడిపోయింది' అని రాస్తే ప్రశ్నలు మొదలవుతాయి. పాత పాస్‌పోర్టు వివరాలు రికార్డులో వెంటనే దొరికితే పని త్వరగా అవుతుంది. నంబరూ లేదు, నకలూ లేదంటే భారతీయుడేనని తేల్చుకోవడానికే రోజులు పడతాయి.

చివరికి చేతికొచ్చేది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. గల్ఫ్‌కు వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు 'ఔట్‌పాస్' అనేది దీన్నే. ఇది ఇండియాకు ఒక్కసారి, ఒకవైపు ప్రయాణానికే. మధ్యలో ఇంకో దేశంలో విమానం మారాల్సి ఉంటే ఎయిర్‌లైన్స్‌ను ముందే అడగాలి. నేరుగా వచ్చే విమానమైతే ఆ చిక్కే ఉండదు.

అంతటితో అయిపోయిందనుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్తేనే అసలు తంటా. థాయ్‌లాండ్‌లోకి వచ్చినప్పుడు వేసిన ముద్ర పోయిన పాస్‌పోర్టులో ఉంది. కొత్త కాగితంలో అది లేదు. కాబట్టి ముందుగా ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి, ప్రవేశ వివరాలను దీని మీదికి మార్పించుకోవాలి. ఈలోగా ఉండే గడువు దాటితే రోజుకు 500 బాత్ జరిమానా. ఇవన్నీ రెండు రోజుల్లో అవుతాయని నమ్మకం లేదు గనక మంగళవారం టికెట్‌ను సోమవారమే వెనక్కి జరుపుకోవడం మంచిది.

పోయిందని రాసిచ్చాక పాత పాస్‌పోర్టు రద్దవుతుంది. మర్నాడు హోటల్ గదిలో పరుపు కింద దొరికినా దానితో ప్రయాణం చేయకూడదు.

ఇండియాలో దిగగానే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌ను ఇమిగ్రేషన్ వాళ్లు తీసుకుంటారు. దాని నకలు, పోలీసు రిపోర్టు దాచుకోండి; కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేటప్పుడు పనికొస్తాయి.