ఎవరు నొక్కారన్నది కాదు ప్రశ్న

2022 జూలై 20న, శాన్‌ఫ్రాన్సిస్కోలో మధ్యాహ్నం 3:50 అవుతున్న వేళ, ఆ నగరం కేంద్రంగా నడిచే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఉద్యోగుల్లో కనీసం 76 మందికి నిమిషం లోపే ఒకే మెసేజ్ వచ్చింది. మీ పని వేళలు మారాయి, ఈ లింకులో చూసుకోండి అని దాని సారాంశం. లింకు cloudflare-okta.com. వాళ్లు రోజూ లాగిన్ అయ్యేది ఓక్టా అనే సేవ ద్వారానే కాబట్టి ఆ పేరు కొత్తగా అనిపించదు. తెరుచుకున్న పేజీ కూడా అచ్చం అసలుదానిలాగే ఉంది. ముగ్గురు తమ పాస్‌వర్డ్ టైప్ చేశారు.

ఆ ముగ్గురినీ సంస్థ దండించలేదు. వచ్చే నెలలోనే జరిగినదంతా వివరంగా బయటపెట్టి, ఆ మాట కూడా అందులోనే చెప్పింది. సాఫ్ట్‌వేర్ రంగంలో దీన్ని బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అంటారు. ఇది మెతకదనం అని చాలామంది మేనేజర్లు అనుకుంటారు. నా దృష్టిలో ఇంతకంటే కఠినమైన విచారణ లేదు. తప్పు చేసిన మనిషి దొరకగానే ఆగిపోయే విచారణ సులువు. అతని చుట్టూ ఉన్న ఏర్పాట్లను ఒక్కొక్కటిగా నిలదీయడం కష్టం.

క్లౌడ్‌ఫ్లేర్ విషయంలోనే చూద్దాం. తమ పేరుతో ఎవరైనా కొత్త వెబ్ చిరునామా కొంటే పసిగట్టే నిఘా ఆ సంస్థకు ఉంది. అయినా ఇది ఎందుకు దొరకలేదు? మోసగాళ్లు ఆ చిరునామాను నమోదు చేసిన 40 నిమిషాల లోపే మెసేజ్‌లు పంపారు. కొత్త నమోదుల జాబితాలోకి అది ఇంకా ఎక్కనే లేదు. ఉద్యోగి అజాగ్రత్త అని రాసి ఊరుకుంటే ఈ సందు కనిపించేది కాదు. కనిపించింది కాబట్టే, 24 గంటల లోపు నమోదైన సైట్లను తమ నెట్‌వర్క్ నుంచి నేరుగా తెరవనివ్వకుండా కట్టడి చేశారు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. పాస్‌వర్డ్ పోయినా లోపలికి ఎందుకు రాలేకపోయారు? నకిలీ పేజీలో టైప్ చేసిన పాస్‌వర్డ్ టెలిగ్రామ్ ద్వారా క్షణాల్లో మోసగాడికి చేరుతుంది. వెంటనే ఆ పేజీ ఓటీపీ అడుగుతుంది. ఉద్యోగి దాన్నీ కొడితే, గడువు తీరేలోపు మోసగాడు అసలు సైట్‌లో వాడేస్తాడు. చాలా సంస్థల్లో ఇది పారేది. క్లౌడ్‌ఫ్లేర్ ఉద్యోగులు మాత్రం ఓటీపీ వాడరు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక చిన్న సెక్యూరిటీ కీ ఉంటుంది. బ్రౌజర్ తాను నిజంగా ఏ చిరునామాలో ఉందో ఆ కీకి చెబుతుంది, కీ ఇచ్చే జవాబు ఆ ఒక్క చిరునామాకే చెల్లుతుంది. మనిషి కన్ను మోసపోయినా కీ మోసపోదు.

ఇక కాలం సంగతి. పాస్‌వర్డ్ పోయిందని తెలిసిన క్షణంలో చేయాల్సింది కొంతే: దాన్ని మార్చడం, తెరిచి ఉన్న లాగిన్లన్నీ తెంచేయడం, ఆ సైట్‌ను అడ్డుకోవడం, ఆ ఖాతాతో ఎవరు ఎక్కడికెళ్లారో లాగ్‌లలో వెతకడం. ఇవి ఎంత త్వరగా మొదలవుతాయన్నది చాలాసార్లు లింకు నొక్కిన మనిషి నోరు విప్పడం మీదే ఆధారపడుతుంది. 2023 ఫిబ్రవరిలో రెడ్డిట్ సంస్థలో ఇలాగే ఒక ఉద్యోగి వివరాలు దొంగల పాలయ్యాయి, వాళ్లు కొంత లోపలికి కూడా వచ్చారు. ఆ ఉద్యోగి కాసేపటికే తానే వచ్చి చెప్పడంతో భద్రతా బృందం వెంటనే దారి మూసింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట అలా ఎవరు వచ్చి చెబుతారు? మన దేశంలోనైతే ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ నాటి ఆదేశం. హైదరాబాదు కంపెనీలకూ అంతే. భయపడి ఉద్యోగి దాచినంతసేపూ కంపెనీకి ఆ సంగతే తెలియదు, దొంగకు మాత్రం దారి తెరిచే ఉంటుంది.

నింద వద్దంటే జవాబుదారీ వద్దని కాదు. కావాలని పాస్‌వర్డ్ అమ్ముకున్నవాడి సంగతి వేరు, అది క్రమశిక్షణ విభాగం చూసుకోవాలి. మోసపోయినవారి జవాబుదారీ ఏమిటంటే, ఆ నిమిషంలో తమకు ఏం కనిపించిందో, ఎందుకు నమ్మారో దాచకుండా చెప్పడం. ఫోన్ తెరమీద చిరునామా సగమే కనిపించిందా? నిజంగానే ఆ వారం షిఫ్టులు మారుతున్నాయా? అనుమానం వస్తే ఎవరికి చెప్పాలో తెలుసా?

పేరుకు నింద లేని సమీక్షలు కూడా చాలా ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడానికి చివరి పేజీ చూస్తే చాలు. చేపట్టాల్సిన పనుల్లో సిబ్బందికి మరోసారి శిక్షణ అన్నది ఒక్కటే ఉంటే, ఆ కంపెనీ ఇంకా మనిషినే కారణంగా చూస్తోంది. నివేదికలో పేరు బదులు 'అకౌంట్స్ ఉద్యోగి' అని హోదా మాత్రం రాయాలి. చిత్తుప్రతిని పై అధికారుల కంటే ముందు ఆ ఉద్యోగికే చూపించి, జరిగింది ఇదేనా అని అడగాలి. నిమిషాల లెక్కలో పొరపాట్లుంటే దిద్దగలిగేది ఆ మనిషే.