నైట్రైట్ గడి రంగు మారకపోతే ఇన్‌ఫెక్షన్ లేనట్టేనా?

మూత్రం పోసేటప్పుడు మంట అని ఒక అమ్మాయి పరీక్షకు వచ్చిందనుకోండి. స్ట్రిప్‌ను మూత్రంలో ముంచి తీస్తే నైట్రైట్ గడి రంగు మారలేదు. ఎందుకు?

మన తిండిలోని నైట్రేట్ కొంత మూత్రంలోకి వస్తుంది. ఇ. కోలై లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అందుకు మూత్రం మూత్రాశయంలో దాదాపు 4 గంటలు నిలవాలి. మంట వల్ల ఆ అమ్మాయి అరగంటకోసారి వెళ్తోంది, నీళ్లూ బాగా తాగింది. సాంద్రత గడి 1.005 చూపడం మూత్రం పలచబడిందనడానికి గుర్తు. పైగా ఎంటరోకాకస్ లాంటి కొన్ని బ్యాక్టీరియా నైట్రైట్ తయారు చేయనే చేయవు.

ల్యూకోసైట్ గడి మాత్రం 2 నిమిషాలకు ఊదారంగుకు తిరిగింది. అది తెల్ల రక్తకణాల ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. ఆ కణాలు ఎందుకు వచ్చాయో చెప్పలేదు. శుభ్రంగా పట్టని నమూనాలోనూ ఉండొచ్చు.

అదే స్ట్రిప్‌లో పీహెచ్ 8 దాటితే యూరియాను విడగొట్టే బ్యాక్టీరియాను అనుమానించవచ్చు. అయితే గంటల తరబడి బయట ఉంచిన మూత్రంలోనూ పీహెచ్ పెరుగుతుంది.

కాబట్టి మంట ఉంటే, నైట్రైట్ లేదని ఊరుకోకండి. డాక్టరును కలవండి. ఏ బ్యాక్టీరియానో తేల్చేది కల్చర్ పరీక్షే.