కోడికూర నాలుగో రోజు

వండిన మాంసాన్ని 4 డిగ్రీల సెల్సియస్‌కు మించని ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంచవచ్చని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ అయితే మిగిలిన వంటను రెండు రోజుల్లోనే తినేయమంటుంది. రెండు లెక్కలూ కూరను వేళకు ఫ్రిజ్‌లో పెట్టారనే నమ్మకం మీదే నిలబడ్డాయి. చాలా ఇళ్లలో తప్పు జరిగేది అక్కడే.

కూర ఉడికినా బ్యాక్టీరియా పూర్తిగా నశించదు. కోడిమాంసంలో తరచుగా ఉండే క్లోస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ గట్టి కవచమున్న సిద్ధబీజాలుగా మారి మరుగును తట్టుకుంటుంది. కూర చల్లారుతూ గోరువెచ్చబడే వేళ అవి మేలుకుంటాయి. 45 డిగ్రీల దగ్గర ఈ బ్యాక్టీరియా దాదాపు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒకటి గంటలో అరవై నాలుగవుతుంది. మూత పెట్టిన పెద్ద గిన్నె గంటల తరబడి ఆ వెచ్చదనంలోనే ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పొయ్యి మీద నుంచి దించిన కూర గిన్నెతోనే రాత్రి ఏడుకు ఫ్రిజ్‌లోకి చేరిందనుకుందాం. అలాంటి కూరను నాలుగు రోజుల లెక్కలో వేయకూడదు, ఆ రాత్రికే పారబోయడం మేలు. అదే కూరను లోతు తక్కువ డబ్బాల్లోకి సర్ది మూడులోపు ఫ్రిజ్‌లో పెడితే గురువారం మధ్యాహ్నం దాకా తినవచ్చు. గది వేడి 32 డిగ్రీలు దాటితే రెండు గంటల గడువు గంటకు తగ్గుతుంది. మన ఎండాకాలం ఇళ్లలో ఈ గంట లెక్కే వర్తిస్తుంది. కాస్త వేడిగా ఉన్న డబ్బా పెడితే ఫ్రిజ్ పాడవుతుందన్న భయం అక్కర్లేదు.

ఫ్రిజ్ బ్యాక్టీరియాను చంపదు, పెరుగుదలను మందగింపజేస్తుంది, అంతే. లిస్టీరియా ఆ చలిలోనూ నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి గర్భిణులకు, వృద్ధులకు రెండు రోజుల లెక్కే మంచిది.

వాసన చూసి తేల్చుకోవడం కుదరదు. పులిసిన వాసన, జిగురు కనిపిస్తే పారేయాల్సిందే, కానీ జబ్బు చేసే బ్యాక్టీరియా చాలాసార్లు వాసన, రుచి మార్చదు. పర్‌ఫ్రింజెన్స్ వల్ల కడుపునొప్పి, విరేచనాలు తిన్న ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల తర్వాత మొదలవుతాయి. అందుకే నింద తరచుగా మరో భోజనం మీద పడుతుంది.

తినే ముందు కావలసినంత మాత్రమే తీసి, మధ్యలో కూడా పొగలు వచ్చేలా 74 డిగ్రీల దాకా కాచాలి. దానితో బతికున్న పర్‌ఫ్రింజెన్స్ చస్తుంది. చేతుల నుంచి చేరే స్టెఫిలోకాకస్ అప్పటికే వదిలిన విషం మాత్రం మరిగించినా పోదు.

కారం, పసుపు కూరను నిలవబెట్టవు. కోడి పచ్చడి నిలవడానికి కారణం వేరు: ముక్కల్లో నీరు ఇగిరేదాకా వేయించి, ఉప్పు, నిమ్మరసం దండిగా పట్టిస్తారు. కూరలో నీళ్లే ఎక్కువ.

నాలుగు రోజుల్లో తినలేమనిపిస్తే మొదటి రోజే డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. మైనస్ 18 డిగ్రీల్లో కూర చెడిపోదు, రెండు మూడు నెలల తర్వాత రుచి తగ్గుతుంది. బయటికి తీశాక గట్టు మీద కాకుండా ఫ్రిజ్ కింది అరలోనే కరగనివ్వాలి.