ఘాట్‌కొక ఆయిలు, ఎండకొక ఆయిలు కావాలా?

ప్రశ్న: మా కారుది ఒక లీటరు టర్బో పెట్రోల్ ఇంజిన్. రోజూ విశాఖ ట్రాఫిక్‌లో నలుగుతుంది. నెలకు రెండు మూడుసార్లు అరకు ఘాట్ ఎక్కుతుంది. సర్వీసు సెంటర్లో 5డబ్ల్యూ-30 ఆయిల్ పోస్తున్నారు. తెలిసిన మెకానిక్ ఒకాయన మాత్రం ‘కొండెక్కే బండికి ఇది మరీ పలచన, 20డబ్ల్యూ-50 పోయించండి’ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మెకానిక్ గారి భయం నిజమైనదే. ఆయన చెప్పిన మందు మాత్రం మీ ఇంజిన్‌కి పడదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ రెండు దారులూ ఆయిల్‌ని ఏం చేస్తాయో చూడాలి.

ఘాట్ సంగతి లెక్క వేసి చూద్దాం. సముద్రం పక్కనున్న విశాఖ నుంచి అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. నలుగురు మనుషులు, సామాను కలిపి మీ కారు బరువు 1300 కిలోలు అనుకుందాం. మామూలు ప్రయాణానికయ్యే పెట్రోలు పక్కన పెడితే, కేవలం ఆ బరువును అంత ఎత్తుకు చేర్చడానికే లీటరుంపావు దాకా అదనంగా కాలుతుంది. అందులో నాలుగో వంతుకు కాస్త మించి మాత్రమే బండిని పైకి లాగే పనికి వస్తుంది. మిగతాదంతా వేడి. ఆ వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టంలోంచి, రేడియేటర్‌లోంచి పోతుంది. కొంత భాగాన్ని మాత్రం ఆయిలే మోయాలి. పిస్టన్ అడుగు భాగానికి తగిలేదీ, టర్బో ఇరుసు చుట్టూ తిరిగేదీ అదే మరి. పైగా శృంగవరపుకోట దాటాక రెండో గేరులో, మూడో గేరులో మెల్లగా ఎక్కుతుంటే ఎదురుగాలి కూడా పెద్దగా తగలదు. హైవే మీద 100 డిగ్రీల దగ్గర ఉండే ఆయిల్ వేడి, ఆగకుండా ఎక్కే ఎక్కుడులో 120 దాకా, ఒక్కోసారి ఆ పైకీ వెళ్లగలదు.

‘మా మీటరులో ముల్లు కదలలేదే’ అంటారేమో. ఆ ముల్లు చూపేది కూలెంట్ వేడిని. థర్మోస్టాట్, ఫ్యాన్ కలిసి దాన్ని ఒక చోట పట్టి ఉంచుతాయి. ఆయిల్‌కి అలాంటి కాపలా చాలా కార్లలో ఉండదు. ముల్లు మధ్యలోనే ఉన్నా లోపల ఆయిల్ బాగా కాగి ఉండొచ్చు.

ట్రాఫిక్‌లో బాధ వేరు. ఇంజిన్ మీద బరువు ఉండదు, కానీ నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లే తిరుగుతుంటుంది. ఆయిల్ పంపుని తిప్పేది క్రాంకే కాబట్టి ఇంజిన్ నెమ్మదిస్తే పంపూ నెమ్మదిస్తుంది. మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర, బాగా వేడెక్కి పలచబడ్డ ఆయిల్ బేరింగులకు తక్కువ ఒత్తిడితో అందుతుంది. దీనికి తోడు గంటల లెక్క ఒకటుంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

అంటే ఘాట్‌లో వేడి, బరువు. ఊళ్లో గంటలు, తక్కువ ఒత్తిడి. రెండు చోట్లా ఆయిల్‌ని అడిగేది ఒక్కటే: కాగినప్పుడు కూడా లోహానికీ లోహానికీ మధ్య పొర తెగనివ్వకూడదు. అందుకే రెండు ఆయిళ్లు అక్కర్లేదు. సరైన ఆయిల్ ఒకటి చాలు.

మరి చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే ఆ పొర ఇంకా గట్టిగా ఉండదా? పాత ఇంజిన్లలో బేరింగుల సందులు ఎక్కువగా ఉండేవి, అక్కడ అది చెల్లింది. ఇప్పటి చిన్న టర్బో ఇంజిన్‌లో ఆ సందులు తక్కువ. వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే యంత్రాంగం సన్నటి దారుల్లో పారే ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పైనున్న క్యామ్‌కీ, టర్బోకీ అది ఆలస్యంగా చేరుతుంది. చుట్లు పెరిగినప్పుడు ఒత్తిడి హద్దు దాటి పంపులోని రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, కొంత ఆయిల్ బేరింగుల దాకా పోకుండానే వెనక్కి మళ్లుతుంది. చిక్కటి ఆయిల్‌ని చిలకడానికి అయ్యే శ్రమ కూడా వేడిగానే మారుతుంది. వేడిని తట్టుకుంటుందని పోసింది వేడిని పెంచే పని కూడా చేస్తుందన్నమాట.

ఇప్పుడు డబ్బా మీది అంకెలు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో స్టార్ట్ అయ్యే గుణాన్ని చెబుతుంది. 5డబ్ల్యూ అంటే సున్నాకి దిగువ 30 డిగ్రీల దగ్గర కూడా ఇంజిన్‌ని తిరగనిచ్చే ఆయిల్. మన వైపు గడ్డకట్టే చలి అంటే లంబసింగి గుర్తొస్తుంది. అక్కడ కూడా పాదరసం దిగేది సున్నా దాపులకే. కాబట్టి ఘాట్ మీద చలి గురించి 5డబ్ల్యూ వదిలి 0డబ్ల్యూ వెతుక్కోవాల్సిన పని లేదు. రెండో అంకె 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 30 కంటే 40 చిక్కన.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు విషయం దీని తర్వాతే ఉంది. బేరింగు లోపల ఆయిల్ ఊరికే కాగడం లేదు, వేగంగా తిరిగే లోహాల మధ్య నలుగుతోంది కూడా. అందుకే 150 డిగ్రీల వేడిలో, ఆ నలుగుడులో ఎంత చిక్కదనం మిగులుతుందో విడిగా కొలుస్తారు. ఈ కొలతలో 5డబ్ల్యూ-30 ఆయిళ్లన్నీ ఒకటి కావు. 2.9 దగ్గర ఉండేవి ఒక రకం, మైలేజీ కోసం చేసినవి. 3.5, ఆ పైన ఉండేవి ఇంకో రకం. ముందువైపు రెండింటి మీదా అదే 5డబ్ల్యూ-30 అని ఉంటుంది. తేడా తెలియాలంటే డబ్బా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవాలి. ఏసీఈఏ సీ3 అనో, ఏ3/బీ4 అనో ఉంటే 3.5 తగ్గదు. సీ2 అనో, ఏ5/బీ5 అనో ఉంటే అది పలచటి రకం. కొండలూ ఎండలూ రెండూ ఉన్న మీలాంటివాళ్లు చూడాల్సింది ఈ వరసే. నన్నడిగితే డబ్బా ముందున్న పెద్ద బొమ్మ కంటే వెనకున్న ఈ ఒక్క వరస విలువే ఎక్కువ.

మీది టర్బో కాబట్టి ఇంకొకటీ చూడాలి: ఏపీఐ ఎస్‌పీ. అరకు దారిలో వంపు తిరిగాక చుట్లు పదిహేను వందలకు పడిపోయినా గేరు మార్చకుండా యాక్సిలరేటర్ నేలకు తొక్కామనుకోండి. నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే టర్బో ఇంజిన్లలో, గోడల మీది ఆయిల్, పెట్రోలు కలిసిన చుక్కలు స్పార్కు పడకముందే అంటుకునే ప్రమాదం ఉంటుంది. ఒక్కసారిగా పెద్ద దెబ్బ పడుతుంది, పిస్టన్ పగిలిన సందర్భాలూ ఉన్నాయి. ఆయిల్‌లో కాల్షియం పాలు ఎక్కువైతే ఈ ముప్పు పెరుగుతుంది. 2020లో వచ్చిన ఎస్‌పీ ప్రమాణంలో దీని కోసమే పరీక్ష ఉంది. అయినా భారమంతా ఆయిల్ మీద వేయకూడదు. వంపులోకి వెళ్లేముందే ఒక గేరు తగ్గించి, చుట్లు రెండు వేల పైన ఉంచితే ఆ ప్రమాదం చాలావరకు దగ్గరికి రాదు.

ఇక మీ కారుకి తేల్చేద్దాం. ఓనర్స్ మాన్యువల్‌లో ఆయిల్ పేజీ తీయండి. అక్కడ 5డబ్ల్యూ-30తో పాటు 5డబ్ల్యూ-40 కూడా ఒప్పుకున్నారా, ఏ ప్రమాణాలు రాశారు, చూడండి. సీ3, ఎస్‌పీ రెండూ రాసి ఉన్న ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ-30ని మాన్యువల్ ఒప్పుకుంటే నేను దాన్నే పోయిస్తాను. 40ని కూడా ఒప్పుకుని, బండి లక్ష కిలోమీటర్లు దాటి ఆయిల్ కాస్త తాగుతుంటే 5డబ్ల్యూ-40కి వెళ్లొచ్చు. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 ఒక్కటే ఉంటే అదే పోయాలి. ఆ ఇంజిన్ సందులు, పంపు దానికోసమే చేశారు. అలాంటి బండికి చిక్కదనం పెంచే బదులు మార్చే గడువు తగ్గించాలి. డీజిల్ కారున్న వాళ్లకి ఒక మాట: బీఎస్6 డీజిల్‌కి పొగ వడపోసే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరే మసి కాలిపోతుంది కానీ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. అందుకని బూడిద తక్కువుండే సీ తరగతి ఆయిలే వాడాలి, ఏ3/బీ4 వద్దు.

ఇందాక ఆపిన గంటల లెక్క ఇది. 10,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చమన్నారు. హైవే మీద సగటున గంటకు 50 కిలోమీటర్లు పోయే బండికి అది 200 గంటల పని. ఊళ్లో సగటు 20 దాటని బండికి అదే 500 గంటలు. మీటరు ఒకే అంకె చూపిస్తుంది, ఆయిల్ మాత్రం రెండున్నర రెట్ల సేపు కాగి ఉంటుంది. కొండ దారుల్నీ, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌నీ చాలా కంపెనీలు మాన్యువల్‌లో ‘కఠిన వాడకం’ కిందే చూపి, దానికి తక్కువ గడువు విడిగా ఇస్తాయి. ఆ పట్టిక మీకు వర్తిస్తుంది. అందులో 5,000 అని ఉంటే 5,000కే మార్చండి. ఖరీదైన ఆయిల్ పోసి 10,000 నడపడం కంటే ఇది మేలు.

ఘాట్‌కి బయల్దేరే ముందు చదునైన చోట బండి ఆపి, ఇంజిన్ ఆపేశాక పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. తుడిచి, మళ్లీ పెట్టి తీస్తే ఆయిల్ గుర్తు రెండు గీతల మధ్య పై సగంలో ఉండాలి. కింది గీత దగ్గర ఉంటే, నిటారు ఎక్కుడులో వంపు తిరిగినప్పుడు చాంబర్‌లోని ఆయిల్ ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. అప్పుడు డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు ఒక్క క్షణం మెరిసి ఆరుతుంది. అలా ఒక్కసారి మెరిసినా పక్కకి ఆపి ఇంజిన్ ఆపేయాలి. పై గీత దాటించడం కూడా తప్పే, క్రాంకు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. కొన్నాళ్లు ట్రాఫిక్‌లో తిరిగాక గుర్తు తగ్గే బదులు పైకి పెరిగి, డిప్‌స్టిక్ దగ్గర పెట్రోలు వాసన వస్తే ఆయిల్‌లో పెట్రోలు కలుస్తోందని అర్థం. గడువు రాకపోయినా మార్పించి, కారణం చూపించుకోవాలి.

దిగేటప్పుడు వెనక వచ్చేవాళ్లని ఒకటి గమనించమనండి. గేరులోనే బండిని పట్టి దించుతూ, దిగువకు చేరాక మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే వెనక నీలం పొగ వచ్చిందంటే వాల్వు సీళ్ల నుంచి ఆయిల్ లోపలికి దిగుతోంది. దానికి చిక్కటి ఆయిల్ వైద్యం కాదు, సీళ్లు మార్పించాలి. ఈలోగా ప్రతి ఘాట్ ప్రయాణానికి అదే గ్రేడు, అదే ప్రమాణం ఉన్న ఆయిల్ ఒక లీటరు డిక్కీలో ఉంచుకోండి.