ఫిట్ అని రాసిచ్చిన మర్నాడు

8 నెలల సెలవు తర్వాత ఆమె నా టేబుల్ మీద పెట్టిన కాగితంలో ఒకే వాక్యం ఉంది: 6వ తేదీ నుంచి డ్యూటీకి ఫిట్. కింద డాక్టరు సంతకం, ముద్ర. రొమ్ము కేన్సర్‌కి ఆపరేషన్, ఆరు కీమోలు, ఆపైన రేడియేషన్ అయ్యాయి. హెచ్‌ఆర్ వాళ్లు ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకున్నారు. నేను ఆమె సీటు తుడిపించాను. ఏర్పాట్లంటే అంతే.

మాది హైదరాబాదులో ఓ మధ్యరకం కంపెనీ. అకౌంట్స్‌లో ఏడుగురం, వాళ్లకి నేను మేనేజర్ని. ఆ 6వ తేదీ సోమవారం. 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్‌టీఆర్-1 వెయ్యాలి. సరఫరాదార్ల బిల్లులు, చెల్లింపులు చూసే ఆమె పనిని 8 నెలలుగా మిగతావాళ్లు పంచుకుని మోస్తున్నారు. హమ్మయ్య, వచ్చేసింది అనుకుని ఎవరి వాటా వాళ్లు ఆమె టేబుల్ మీద దించేశారు. నేనూ దించాను. ఆమె రెండు రోజులూ రాత్రి ఏడున్నర దాకా కూర్చుంది. అలా కూర్చుంటే మాకు ధైర్యమొచ్చింది, మనిషి మామూలైపోయిందని. గురువారం రాలేదు. శుక్రవారం వచ్చింది గాని ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు పంపింది. పదిహేనేళ్లలో ఆమె చేతిమీదుగా అలాంటి తప్పు జరగలేదు.

కేన్సర్ వైద్యం తర్వాత వచ్చే అలసట మనం సాయంత్రం పడే అలసట లాంటిది కాదని నాకు అప్పుడు తెలియదు. నిద్రపోతే పోదు. పైగా కొందరికి ఆలస్యంగా వస్తుంది. సోమ, మంగళవారాల్లో చేసిన పనికి బుధ, గురువారాల్లో మూల్యం చెల్లించాలి. కాబట్టి మొదటి రోజు బాగా చేసిందంటే దానికి అర్థమేమీ లేదు. దానికి తోడు, కీమో చేయించుకున్న చాలామందికి కొన్నాళ్లపాటు మతిమరుపు, ధ్యాస నిలవకపోవడం ఉంటాయి. ఇన్‌వాయిస్ నంబరు చదివి, టైపు చేసేలోపే అది జారిపోతుంటే ఎలా ఉంటుందో ఆమే చెప్పింది. మధ్యలో ఫోను మోగితే ఎక్కడున్నానో వెతుక్కోవడానికి పది నిమిషాలు పడుతుందట.

"ఇంకో రెండు నెలలు ఇంట్లోనే ఉండమనండి సార్" అంది హెచ్‌ఆర్. సానుభూతితోనే అంది.

ఆమె ఒప్పుకోలేదు. "రెండు నెలలు పోయాక వచ్చినా మొదటి రోజే ఎనిమిది గంటలంటే ఇంతే కదా సార్" అంది. ఆ మాట నన్ను పట్టుకుంది. నిజమే, ఇంట్లో కూర్చుంటే ఆఫీసు గంటలు అలవాటు కావు. ఆఫీసు గంటలు ఆఫీసులోనే, కొంచెం కొంచెంగా అలవాటు కావాలి.

ఈ మాట జర్మనీ వాళ్లు ఎప్పుడో చట్టంలో రాసుకున్నారు. అక్కడ దీన్ని హాంబుర్గ్ పద్ధతి అంటారు. రోజుకి రెండు గంటలా, నాలుగా, ఎప్పుడు ఆరు అవాలి అన్నది డాక్టరు మెట్లు మెట్లుగా రాసిస్తాడు. ఆ కాలమంతా మనిషి సెలవులో ఉన్నట్టే లెక్క, డబ్బు ఆరోగ్య బీమా నుంచి వస్తుంది. అందువల్ల కంపెనీకి సగం మనిషికి పూర్తి జీతం ఇస్తున్నామన్న బాధ ఉండదు, ఉద్యోగికి మొహమాటం ఉండదు. మన దగ్గర ఈ మధ్యమెట్టు లేదు. ఈఎస్‌ఐలో ఉన్నవాళ్లకి జబ్బు సెలవుకి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం, కేన్సర్, టీబీ లాంటి జాబితాలోని 34 దీర్ఘవ్యాధులకైతే 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా వస్తుంది. మంచి సదుపాయమే. కాని అది సెలవులో ఉన్నవాడికి. సగం రోజు పనిచేసి సగం రోజు విశ్రాంతి తీసుకునేవాడికి గడి లేదు. నెల జీతం 21,000 దాటినవాళ్లు, మా ఆమె లాంటివాళ్లు, ఆ పథకంలోకే రారు. కాబట్టి ఏ ఏర్పాటైనా ఆఫీసూ ఉద్యోగీ కూర్చుని రాసుకోవాల్సిందే.

రాసుకున్నాం. ముందు ఆమెను మళ్లీ పదిరోజులు ఇంటికి పంపాం. 20న జీఎస్‌టీఆర్-3బి గడువు దాటాక, 22 బుధవారం నుంచి మొదలు. మొదటి రెండు వారాలు సోమ, బుధ, శుక్రవారాలే, పది నుంచి రెండు దాకా. రోజు విడిచి రోజు ఎందుకంటే, ముందు రోజు పని ఒంటిమీద ఏం చేసిందో తెలియడానికి మధ్యలో ఒక రోజు కావాలి. మూడు, నాలుగు వారాలు రోజూ నాలుగు గంటలు. ఐదు నుంచి ఎనిమిది వారాలు ఆరు గంటలు. తొమ్మిదో వారం నుంచి పూర్తి రోజు. కీమో అయిపోయినా మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ఉంది, ఏడాది పొడవునా వెయ్యాలి. ఆ తేదీలు ముందే రాసుకుని ఆసుపత్రిలో మధ్యాహ్నం వేళ అడిగి తీసుకుంది.

జీతం లెక్క కూడా అదే కాగితంలో రాశాం, ఎందుకంటే అది రాయకపోతే మనిషి డబ్బు కోసం గంటలు పెంచేసుకుంటుంది. మొదటి నాలుగు వారాల్లో ఆమె రాని సమయం కూడితే 12 రోజులు. సరిగ్గా అన్నే ఈఎల్‌లు మిగిలాయి, వాటిలో కోశాం. ఆరు గంటల వారాలకి కంపెనీ పూర్తి జీతం ఇవ్వడానికి ఒప్పుకుంది.

గంటలు తగ్గించడం తేలిక. పని తగ్గించడం దగ్గరే అందరం తప్పుతాం. నాలుగు గంటలుండే మనిషికి ఎనిమిది గంటల పని అప్పగిస్తే మిగతాది ఇంటికి మోసుకుపోతుంది, రాత్రి లాప్‌టాప్ తెరుస్తుంది. హాజరు పట్టీలో మాత్రం అంతా సవ్యంగా కనిపిస్తుంది. అందుకని ఆమె పాత పనుల్లోంచి ఒక్కటే తిరిగి ఇచ్చాం, బ్యాంకు రికన్సిలియేషన్. దానికి ఆ రోజే అయిపోవాలన్న గడువుండదు, ఎక్కడ ఆపినా మర్నాడు అక్కడే ఎత్తుకోవచ్చు. సరఫరాదార్ల ఫోన్లు పక్క సీటు కుర్రాడికి మళ్లించాం. చెల్లింపులు మొదలుపెట్టాక రెండో మనిషి సరిచూడాలని ఆమే అడిగింది. ఇంకో చిన్న సంగతి, ఆపరేషన్‌లో ఎడమ చంకలో లింఫ్ గ్రంథులు తీశారు. అలాంటి చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది, బరువులు ఒక్కసారిగా ఎత్తొద్దన్నారు. మా బాక్సుఫైళ్లేమో పై అరలో ఉండేవి. అరగంటలో కిందికి దించాం. అడిగి ఉంటే మొదటి రోజే దించేవాళ్లం.

మిగతావాళ్లకి ఏం చెప్పాలో ఆమెనే అడిగాను. "కొన్నాళ్లు రెండింటికే వెళ్లిపోతాను, జబ్బు గురించి అడగొద్దు, గోధుమగడ్డి రసం గురించి అసలు చెప్పొద్దు" అంది. చివరి ముక్క తీసేసి మిగతాది మెయిల్ పెట్టాను. (తీసెయ్యకుండా ఉండాల్సింది. రెండో రోజే ఒకాయన సీసా తెచ్చాడు.)

వారం వారం గురువారం పన్నెండున్నరకి పదిహేను నిమిషాలు మాట్లాడుకోవాలన్నది ఒప్పందం. మొదటి గురువారం "ఎలా ఉందమ్మా?" అన్నాను. "బాగానే ఉంది సార్" అంది. అయిపోయింది. మన ఆఫీసుల్లో పైవాడు అడిగితే ఇంకో జవాబు రాదు, పైగా ఉద్యోగం గురించి భయం ఉన్న మనిషి దగ్గర అసలు రాదు. రెండో వారం నుంచి అడిగే తీరు మార్చాను. నిన్న ఇంటికెళ్లాక ఏం చెయ్యగలిగావు? ఆదివారం ఎలా గడిచింది? ఈ వారం ఏ పని అనుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టింది? వచ్చే వారం నుంచి ఏది తీసెయ్యమంటావు? చివరి ప్రశ్నని 'ఏదైనా తియ్యాలా' అని అడిగితే 'అక్కర్లేదు సార్' అంటుంది. 'ఏది' అంటే ఆలోచిస్తుంది. జబ్బు వివరాలు, రిపోర్టులు నేను అడగలేదు. అవి నాకు అనవసరం. నేను మార్చగలిగింది పని, వేళలు, సీటు, అంతే.

అన్నిటికంటే ఆదివారం ప్రశ్నే పనికొచ్చింది. ఐదో వారం, ఆరు గంటలు మొదలైన వారం, మళ్లీ 3బి గడువు మీద పడింది. తేదీలు నేనే వేసి, నేనే చూసుకోలేదు. హాజరు బాగుంది, తప్పులు లేవు. మరుసటి గురువారం ఆదివారం గురించి అడిగితే కాసేపు ఆగి, "శని, ఆదివారాలు మంచం దిగలేదు సార్, పిల్లాడికి బయటి నుంచి తెప్పించాం" అంది. ఆఫీసు కోసం వారాంతం మొత్తం ఖర్చయిపోతోందంటే మెట్టు పెద్దదైందని అర్థం. ఆ మాట విన్నాక రెండు వారాలు నాలుగు గంటలకి దిగాం. దానికి ఆమెకి ఐదు రోజుల జీతం పోయింది. ఎనిమిదో వారంలో మళ్లీ ఆరు గంటలకి వెళ్లాం. తర్వాత నియమం పెట్టుకున్నాం: రెండు ఆదివారాలు వరసగా బాగుంటేనే పై మెట్టు.

అలా తొమ్మిదో వారం కావలసిన పూర్తి రోజు పన్నెండో వారం అయింది. గురువారం మాటలు మాత్రం ఆ తర్వాతా మూడు నెలలు, పదిహేను రోజులకోసారి సాగించాం. పూర్తి రోజు వచ్చాక అందరూ మరిచిపోతారు. మాత్రల వల్ల రాత్రి వేడి ఆవిర్లు, నిద్రలేమి ఆమెకి అప్పుడే మొదలయ్యాయి. పదింటికి రావలసింది పదకొండుకి మార్చాం.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. మేం ఏడుగురం కాబట్టి పని పంచుకోగలిగాం. ఒక్కడే క్యాషియరున్న దుకాణంలో, షిఫ్టు మధ్యలో మెషీన్ వదలలేని ఫ్యాక్టరీలో ఇదే కాగితం నడవదు. అక్కడ గంటలకంటే ముందు వేరే పని వెతకాలి. పంచుకున్నవాళ్లు విసుక్కున్న రోజులూ ఉన్నాయి. చివరి తేదీ కాగితంలో ఉండబట్టి ఓపిక పట్టారు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా తిరిగి చేరబోతుంటే, సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు డాక్టరుగారిని 'ఫిట్' దగ్గర ఆపనివ్వకండి. రోజుకి ఎన్ని గంటలతో మొదలుపెట్టాలి, ఎన్ని వారాల్లో పెంచాలి, ఏ పనులు చెయ్యకూడదు, మళ్లీ ఆసుపత్రికి ఏ తేదీల్లో రావాలి, ఈ నాలుగూ అదే కాగితం మీద రాసిమ్మని అడగండి. అడిగితే రాస్తారు. మా ఆమె రెండోసారి వెళ్లి అడిగితే నిలబడే రాసిచ్చారట.